మూఢంలో వేసిన బోరు

మొయినాబాదులో మా వాటర్ ప్లాంటుకు అప్పటికి తొమ్మిదేళ్ళు. రోడ్డు పక్క హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, ఫామ్‌హౌసుల వాచ్‌మన్లు, అందరూ మా నీళ్ళే తాగేవాళ్ళు. నా నీళ్ళు బాగుంటాయని నేను నమ్మేవాణ్ణి. దగ్గరలో ఇంకో ప్లాంటు లేదన్న సంగతి నా నమ్మకానికి ఎంత బలమిచ్చిందో తర్వాత తెలిసింది.

మా ఆటో ట్రాలీ నడిపే మనిషిది ముడిమ్యాల ఊరు. ఆరేళ్ళు నా దగ్గర చేశాడు. క్యాన్లు వేసేది అతనే, కరెంటు బిల్లు కట్టేది అతనే, ఫిల్టర్లు మార్చే రోజున పక్కన నిలబడి పానాలు అందించేది అతనే. నేను చేసేదల్లా కుర్చీలో కూర్చుని ఓనరులా కనిపించడం. అదీ సరిగ్గా చేసేవాణ్ణి కాదని మా ఇంటావిడ అంటుంది.

ఆ ఎండాకాలం చివర అతను తాళంచెవి నా బల్ల మీద పెట్టి, తల గోక్కుంటూ చెప్పాడు. "అన్నా, ఏమనుకోకుండ్రి. ఎదురుంగ మా బామ్మర్ది జాగ ఉన్నది గదా, ఆడ నేనే ఒక ప్లాంటు పెడ్దామనుకుంటున్న."

"మంచిది," అన్నాను. నోరు మంచిది అన్నది గాని, కడుపు అనలేదు. మొయినాబాదు దాహానికి ఒక ప్లాంటు చాలు, రెండు మరీ ఎక్కువ. అతనొస్తే నా గిరాకీలో సగం పోతుంది.

మర్నాడే పెయింటరును పిలిచి బోర్డు మీద క్యాన్ ధర ఇరవై రూపాయలు చెరిపించి పన్నెండు రాయించాను. ఇంత తక్కువకు అమ్మే మనిషి ఎదుట కొట్టు పెట్టడానికి ఎవడికి ధైర్యం ఉంటుంది? రెండు రోజులు చాలా తెలివైనవాణ్ణన్న గర్వంతో తిరిగాను. మూడో రోజు అతను వచ్చి బోర్డు కేసి చూసి నవ్వాడు.

"అన్నా, పన్నెండుకు మీకు గిడుతదా?"

"ఎందుకు గిట్టదు?"

"కరెంటు బిల్లు కట్టొచ్చింది నేనే గదన్నా. ఫిల్టర్ల మెంబ్రేన్ ఎన్ని నెలలకు మారుస్తరో నాకు ఎరికే. కొత్తోడైతే, అమ్మో, ఈయనకు ఎంత తక్కువల పడుతుందో అని బెదురుతుండె. నాకెట్ల బెదురు?"

నా గుట్టంతా తెలిసినవాడి ముందు గుట్టుగా బతకాలని చూశాను. పౌరుషం కొద్దీ అన్నాను. "నువ్వు పెట్టి సూడు. ఎనిమిదికి అమ్ముత. ఎన్ని రోజులుంటవో సూస్త."

అతను కోపం తెచ్చుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అమ్మరన్నా. ఇయాల అంటరు గంతే. ఒక్కసారి నేను బోరు వేసిన్ననుకోండ్రి, మిషన్ అంటే అమ్మితే సగమన్న వస్తది, బోరును అమ్ముతరా? భూమిల పోయిన పైసలు భూమిలనే. ఇగ క్యాన్‌కు కరెంటు ఖర్సు ఎల్లుతున్నన్ని రోజులు నేను పోను. నేను పోనని మీకు తెలిసినంక, ఎనిమిదికి అమ్ముకుంట మీరెందుకు మునుగుతరు? మీరే పద్దెనిమిదికి వచ్చి, ఇద్దరం బతుకుదాం రా అంటరు."

నేను నీళ్ళు నమిలాను. నీళ్ళ వ్యాపారికి అది కొత్త కాదు గాని, ఆ రోజు మింగుడు పడలేదు.

సాయంత్రం ఇంట్లో చెబితే మా ఇంటావిడ గోరుచిక్కుడు ఈనెలు తీస్తూ వింది. ఫోను ఆర్డర్లు రాసుకునేది తనే. "ఎనిమిదికి అమ్ముతనంటే ఊరంతా వస్తరు. మీ చిన్న మిషన్ మీద ఎన్ని క్యాన్లు నింపుతరు? పొద్దున పదికే అయిపాయె అంటరు. ఆరేండ్లు మన దగ్గర చేసినాయనకు గది తెల్వదా?"

"మరి ఏం చెయ్యాలె?"

"బెదిరించుడు బంద్ పెట్టుండ్రి. ఆయన బోరు వేయకముందే మనం రెండో బోరు వేద్దాం, పెద్ద మిషన్ దింపుదాం. గప్పుడు ఎక్కువ నింపితే మనకు కరెంటు ఖర్సే. ఆయన వచ్చినా మిషన్ ఆపుకొని కూసుంటే మనకే నష్టం. అగ్గువకు అమ్ముడు మనకే మంచిదని ఆయనకు కండ్లకు కనవడాలె. ఆయనే ఆగుతడు."

తొమ్మిదేళ్ళలో నాకు తట్టనిది చిక్కుడుకాయల మధ్యలో తేలింది. మిషన్‌కు మాట్లాడాను. బోరు బండికి ఫోన్ చేశాను. తర్వాత క్యాలెండరు తిప్పాను. మూఢం! ఇంకా పద్దెనిమిది రోజులు. మూఢంలో భూమిలో గునపం దించితే నీళ్ళు పడవని మా నాయన చెప్పేవాడు. రెండు మూడు వారాలు అటూ ఇటూ అయితే కొంపలు మునుగుతాయా అనుకున్నాను. ఇంటావిడ కూడా ఈ ఒక్క విషయంలో నాతో ఏకీభవించింది. మేం ఇద్దరం ఒక మాట మీద ఉన్న సందర్భాలు తక్కువ, ఉన్నప్పుడల్లా తప్పే.

మేం మరిచిపోయిందేమంటే, అతనిది చర్చికి పోయే కుటుంబం. వాళ్ళకు మూఢం లేదు. పైగా ఆ రోజుల్లో బోర్లు వేయించుకునేవాళ్ళు లేక బండ్లు ఖాళీగా ఉంటాయి, ధర కూడా తగ్గించి వస్తాయి.

మూఢం ఇంకా పదకొండు రోజులుందనగా పొద్దున్నే ఎదురు జాగాలో బోరు బండి మోగింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అతని భార్య కొంగు బిగించుకుని నిలబడింది. ఆమె మెడలో బంగారు పుస్తెలతాడుకు బదులు వట్టి దారం కనిపించింది; బంగారం బోరుకే పోయినట్టుంది. రెండు వందల అడుగులకు తెల్ల దుమ్ము. మూడు వందలకు దుమ్ము. నేను ప్లాంటు మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. దాచిపెట్టుకోకుండా చెబుతాను, దుమ్మే రావాలని కోరుకున్నాను. నాలుగు వందలు దాటాక కూడా దుమ్మే. అతను రాడ్ల వైపే చూస్తున్నాడు. ఆరేళ్ళు నా క్యాన్లు మోసిన భుజాలవి. అప్పుడు నాకు తెలియకుండానే నా నోటి నుంచి, "రావాలె, రావాలె," అని వచ్చింది.

ఐదు వందల ఇరవైకి బురద. తర్వాత నీళ్ళు. రెండించులు. అతను తల ఎత్తి ముందు నా వైపే చూశాడు. చెయ్యి ఊపాను.

ఆ మధ్యాహ్నమే మిషన్ వాళ్ళకు వద్దని చెప్పేశాను. పెద్ద మిషన్ అతను రాకముందైతే అతన్ని ఆపేది. వచ్చినవాడిని పంపడానికి అది పనికిరాదు. అతని పైసలు భూమిలోకి పోయాయి, ఇక అతను పోడు. నా పైసలూ పోగొట్టుకుంటే ఒకరి పక్కన ఒకరం మునుగుతాం, అంతే.

మూఢం అయిపోయిన మర్నాడు బోరు బండి ఆయన ఫోన్ చేశాడు. "సార్, ఇయాల మస్తు మంచి రోజు. బండి పంపాల్నా?"

"మంచి రోజు అయిపోయిందన్నా," అన్నాను.

పెయింటరును పిలవడం దండగని నేనే స్టూలెక్కి పన్నెండు చెరిపాను. స్టూలు ఊగుతుంటే ఎవరో పట్టుకున్నారు. చూస్తే అతనే.

"ఎంత రాస్తున్నరన్నా?"

"పద్దెనిమిది. నువ్వు ముందే చెప్తివి గదా," అంటూ అంకెలు రాశాను.

అతను నవ్వలేదు. స్టూలు వదలకుండా అన్నాడు. "ఎనిమిది జర వంకరొచ్చింది. నిమ్మళంగ దిద్దుండ్రి, నేను పట్టుకున్న."