జైనా అన్న జవాబు

కువైట్‌కు పోయే ఆడోళ్ళకు అరబ్బీ మాటలు నేర్పే పని మా రాయచోటిలో ఓబులమ్మది. అక్కడ ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చిన మనిషి. నేను పక్క గదిలో పాస్‌పోర్టు దరఖాస్తులు నింపుతుంటాను. గోడ పల్చన, ఆమె పాఠమంతా నాకు వినపడుతుంది.

పాఠం గంటసేపు. ముందు పలకరింపులు, ఆ తర్వాత పని మాటలు. "తఆలి అంటే రా. జీబీ మాయ్ అంటే నీళ్ళు తే." చివర జంటలుగా నిలబెట్టి, ఒకరిని మేడమ్ చేసి, ఒకరిని పనిమనిషి చేసి మాట్లాడిస్తుంది.

పలకరింపుల్లో ఒకచోట మాత్రం ఆమె గొంతు సన్నబడేది. "ష్లోనిచ్?" అని అడుగుతుంది, ఎట్లుండావని. అందరూ "జైనా, అల్‌హందులిల్లా" అనాల. బాగుండాను, దేవుని దయ. వాళ్ళు అనేసి ఊరుకున్నాక కూడా ఆమె తర్వాతి మాటకు పోకుండా, ఇంకెవరో అనేదాకా ఆగినట్టు ఆగేది.

ఒకరోజు నాగరత్న అనే పిల్ల అడిగింది. "అక్కా, ఒళ్ళు బాగలేకపోయినా జైనానే అనల్లనా?"

"నువ్వింకా విమానమే ఎక్కల్యా, అప్పుడే జరమా?" అని పక్కనామె ఎగతాళి చేసింది. అందరూ నవ్వినారు. ఓబులమ్మ నవ్వు మాత్రం వినపడలేదు. సుద్దముక్క కింద పడిన చప్పుడైంది. నేను లేచి తలుపుకాడికి పోయినా.

"ఆదెమ్మని ఉండె," అంది ఓబులమ్మ, గోడకేసి చూస్తా. "విమానంలో నా పక్క సీటు. ఒక్క అరబ్బీ మాట రాదు. ష్లోనిచ్ అంటే జైనా అను, అంతే సాలు అని నేనే నేర్పించినా. మా యీదిలోనే పనికి కుదిరె. కడుపునొప్పి లేసింది. మేడమ్ పొద్దున అడిగె, మాపటికి అడిగె. అడిగినప్పుడల్లా జైనా అనిందంట. కడుపు పట్టుకోని జైనా అనిందంట. ఆస్పత్రికి తీసకపొయ్యేలోగా పొయ్యింది."

ఓబులమ్మ వంగి సుద్దముక్క తీసుకుంది.

"మీరంతా అన్నాక ఒక గొంతు ఎనకాల జైనా అంటాది. నాకినపడతాది."

 నాగరత్నే మళ్ళీ అడిగింది. "అయితే ఏం చెప్పల్లక్కా?"

ఓబులమ్మ తిరిగింది. "మూ జైనా. బాగలేను. బత్ని యోజఅని. కడుపు నొస్తాంది. ముస్తష్ఫా. ఆస్పత్రి. అనండి. గట్టిగా!"

ముందు గొణిగినారు. "మేయ్, సచ్చిపోతాంటే కూడా ఇట్లనే గొణుగుతారా?" అని ఆమె కసిరేసరికి అరిచినారు. కింద టీ అంగడోడు తలెత్తి చూసినాడు. గంట దాటినా ఆపలేదు. ఆ రోజు నీళ్ళు తెమ్మనేదీ లేదు, ఊడ్చమనేదీ లేదు.

అప్పటినుంచి ఆమె పాఠం నొప్పితోనే మొదలవుతుంది. నేను దరఖాస్తులు నింపుతుంటే గోడ అవతల ఇరవైమంది ఆడోళ్ళు ఒక్కసారిగా కడుపు నొస్తోందని కేకలేస్తారు. ప్రతిసారీ నా కలం ఆగిపోతుంది.