తాళంచెవి ఉన్న వాక్యం

ఆ ప్రశ్న తయారు చేసినప్పుడు నా అంత మొనగాడు జిల్లాలో లేడనుకున్నాను. ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్‌లో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. హైదరాబాదులో పది రోజుల ట్రెయినింగుకు పోయి వచ్చి, బట్టీ చదువుల మీద కత్తి కట్టాను. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించిరి అని అప్పజెప్పే పిల్లల్ని చూస్తే ఒళ్ళు మండేది. ఒకే సంఘటన గురించి ఇద్దరు రెండు రకాలుగా చెప్పిన మాటలు పిల్లల ముందు పెట్టాలి, ఒకరి మాటను ఇంకొకరి మాటతో సరిచూసి నిజమేదో వాళ్ళే తేల్చాలి అని ట్రెయినింగులో చెప్పారు. తొమ్మిదో తరగతి క్వార్టర్లీ పేపర్లో పది మార్కులకు అలాంటిదొకటి పెట్టాను.

సంఘటన కోసం రాజుల దాకా పోలేదు. అంతకు పదేళ్ళ కింద ధాన్యం, మిర్చి అమ్మే మార్కెట్ యార్డులో ఒక రోజు తూకం కాంటాలు ఆగిపోయాయి. ముందు రోజు సాయంత్రం రఘునాథపల్లి వైపు రైతులు దింపిపోయిన మిర్చి బస్తాలు ఆరుబయటే ఉండగా వాన పడి తడిసి ముద్దయ్యాయి. కూలి పెంచమని హమాలీలు అడుగుతున్న రోజులవి. తప్పు హమాలీలదని రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తిదారులు, అడ్తిదారులదని హమాలీలు ఇప్పటికీ అంటారు.

'అ' అనే ఆధారం, ఆ సాయంత్రమే ఒక అడ్తిదారు పత్రికకు రాసిన ఉత్తరం. ఆ అడ్తిదారు మా నాన్నే, మేం బాపు అనేవాళ్ళం. ఉత్తరం కాపీ మా దుకాణంలోనే దొరికింది. పేరు తీసేసి వాడుకున్నాను. "హమాలీలు ఉదయమే పని విడిచి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం వాన మొదలైంది. గుమాస్తాను దుకాణానికి పంపి తాళంచెవి తెప్పించి యార్డు గేటు తీయించేసరికి సరుకంతా తడిసిపోయింది" అని అందులో ఉంది. 'ఆ' అనే ఆధారం, ఒక ముసలి హమాలీ చెప్పగా నేను రాసుకున్నది. "పొద్దున ఏడింటికే వచ్చినం. గేటుకు తాళం ఉండె. వాన వచ్చేదాకా బయటనే కూసున్నం."

మార్కులు ఎలా వేస్తానో కూడా ముందే బోర్డు మీద రాసి చూపించాను. 'అ' ఏమంది, 'ఆ' ఏమంది అని రాసి ఊరుకుంటే నాలుగుకు మించవు. రెండూ ఎక్కడ కలుస్తాయో ఎక్కడ తేడా పడతాయో చెబితే ఆరు దాకా. ఒకదానిలోని మాట పట్టుకుని ఇంకోదాన్ని పరీక్షించి తేలిస్తే పది దాకా. ఎవరి వైపు తేల్చినా ఫరవాలేదు, రుజువు పేపర్లోనే చూపించాలి. ఇంత చక్కటి పద్ధతి పెట్టిన నేను మనసులో మాత్రం జవాబు ముందే రాసేసుకున్నాను. అదే రోజు రాసిన ఉత్తరం, చదువుకున్న మనిషి, అచ్చులో వచ్చింది. పదేళ్ళ తరువాత చదువు రాని ముసలాయన చెప్పింది దానికెలా సాటి? అలా అనుకున్నట్టు అప్పుడు నాకే తెలియదు. ఆ మాట ఇప్పుడు అనుకుంటే సిగ్గుగా ఉంది.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాయన అదే యార్డులో హమాలీ. నోరు తక్కువ, రాత ఎక్కువ. ఆమె ఇలా రాసింది: వాన పడ్డప్పుడు గేటుకు తాళం ఉందని 'అ', 'ఆ' రెండూ ఒప్పుకుంటున్నాయి. తాళంచెవి వ్యాపారుల దుకాణంలో ఉందని 'అ' తనంతట తానే చెబుతోంది. పని మధ్యలో హమాలీలు వెళ్ళిపోతే గేటు తెరిచే ఉండాలి, దానికి తాళం వేసిందెవరో 'అ' చెప్పలేదు. హమాలీలను తప్పుపట్టడానికి రాసిన ఉత్తరమే వాళ్ళ మాటకు బలమిస్తోంది కాబట్టి తాళం విషయంలో 'ఆ' నమ్మదగినది. అయితే హమాలీలు ఏడింటికే వచ్చారన్నది ఒక్క 'ఆ'లోనే ఉంది, దానికి వేరే రుజువు లేదు.

ఆ ఉత్తరం నేను ఇరవైసార్లు చదివి ఉంటాను, తాళంచెవి ఒక్కసారీ కనపడలేదు. పదికి పది వేయాల్సిన జవాబది. నాలుగు వేశాను. 'సొంత అభిప్రాయం' అని పక్కన ఎర్ర సిరాతో రాశాను కూడా. పత్రికలో వచ్చింది కాబట్టి నిజం అని రాసిన షావుకార్ల పిల్లలకు ఏడేసి పడ్డాయి.

క్వార్టర్లీ మార్కులను బట్టే స్కాలర్‌షిప్ పరీక్షకు బడి నుంచి ఐదుగురిని పంపేవాళ్ళు. మూడు మార్కుల తేడాతో ఆమె ఆరోదైంది. జాబితా నోటీసు బోర్డు మీద అంటించిన పూటే జవాబు పత్రం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది.

"సార్, బోర్డు మీద మీరు రాసిన లెక్క ప్రకారం ఇది జర మళ్ళ చూస్తరా?"

"మీ నాయిన హమాలీ కదా. ఇంట్ల విన్నది రాసినవ్. పేపర్ల ఉన్నదే రాయాలని చెప్పిన్నా లేదా?"

"ఇంట్ల విన్నది రాయలే సార్. మా నాయిన ఆ దినం ఆడనే ఉన్నడు, చానా చెప్పిండు. పేపర్ల లేదని ఒక్క ముక్క గూడ రాయలే."

చూస్తానన్నాను. ఆ సాయంత్రం దుకాణంలో బాపును అడిగాను. లెక్క చూసుకుంటూనే చెప్పాడు.

"చెవి నా దగ్గరనే ఉండె. గేటు తీయొద్దని ముందు దినమే అందరం అనుకున్నం. ఒక్క పూట బయట కూసుంటే వాళ్ళే దిగొస్తరనుకున్నం. వాన వస్తదని ఎవలకెర్క?"

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. సిగ్గంతా నాకే మిగిలింది. పైకి పంపాల్సిన జాబితా హెడ్మాస్టరు గారి బల్ల మీద ఇంకా రెండు రోజులుంది. మార్కులు తప్పుగా వేశానని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు తప్పు వేశావని అడిగితే బాపు ఉత్తరం సంగతి బయటపడుతుంది. మూడో రోజు జాబితా పైకి వెళ్ళిపోయింది. నేను నోరు విప్పలేదు.

ఇంతటితో ఆగినా పిరికివాణ్ణని సరిపెట్టుకునేవాణ్ణి. మరుసటి ఏడు జిల్లా సోషల్ టీచర్ల మీటింగులో నా ప్రశ్నను నమూనాగా చూపించమన్నారు. కాపీలు తీయడానికి కొత్త స్టెన్సిల్ కోస్తూ ఉత్తరంలో గుమాస్తా, తాళంచెవి ఉన్న వాక్యాన్ని తీసేశాను. దాని బదులు 'సరుకంతా తడిసిపోయింది' అని మాత్రం ఉంచాను. మార్కుల పద్ధతిలో అక్షరం మార్చలేదు. మీటింగులో అందరూ మెచ్చుకున్నారు, కాపీలు అడిగి తీసుకున్నారు. అదే పేపరు మా బడిలో కొత్త తొమ్మిదో తరగతికీ ఇచ్చాను.

ఆ పిల్ల అప్పటికి పదిలో ఉంది. పక్కింటి అమ్మాయి దగ్గర చూసిందట, పేపరు పట్టుకుని వరండాలో నిలబడింది.

"సార్, ఈసారి తాళంచెవి మాట లేదు."

"స్టెన్సిల్ల జాగ సాలలేదమ్మా" అన్నాను. కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. ఇద్దరం దాన్ని చూశాం.

ఆమె నా అబద్ధం జోలికి పోలేదు, తన మార్కుల ఊసూ ఎత్తలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"మరి వీళ్ళు దేంతోటి సరిచూస్తరు సార్?"

క్లాసుకు టైమైందని చెప్పి పంపేశాను.