చుక్కలు పెట్టిన పుట

నేను ఇంతకాలం ఏదీ రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు ఆలస్యంగా రావడం. బడికి పోవలసిన వయసులో చాట ఒడిలో పెట్టుకుని తునికాకు కత్తిరించాను, బీడీలు చుట్టాను. నా కూతురు అయిదో తరగతికి వచ్చాక దాని పలక మీదే ఓనమాలు దిద్దుకున్నాను. తర్వాత ఓపెన్ స్కూల్లో పది, దూరవిద్యలో డిగ్రీ అయ్యాయి. రెండో కారణం మా తోడికోడలు. ఇది అచ్చయితే అందరికంటే ముందు చదివేది ఆమే.

ఆమెది చెన్నూరు. కాలేజీలో చదువుకుని వచ్చింది. నాకంటే చాలా చిన్నది. ఆమె భర్త, నా భర్త ఇద్దరూ గల్ఫ్‌లోనే ఉన్నారు. చొప్పదండిలో ఒకే ఇంట్లో అత్తతో ఉంటాం. రాజనీతి శాస్త్రం ఎమ్మేలో ఇద్దరం ఒకేసారి చేరాం. ఆదివారాలు ఒకే ఆటోలో కరీంనగర్ క్లాసులకు పోయేవాళ్లం. దారి పొడుగునా ఆమె చదువుకునేది. నేను ఆమె చదవడం చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ ఏడు మా స్టడీ సెంటర్ నుంచి ఒక్క పేపరే యూనివర్సిటీ సెమినార్‌లో చదవడానికి పంపుతామని మాకు క్లాసులు తీసుకునే సారు చెప్పారు. నా పేపరే పోవాలని అనుకున్నాను. బీడీ కార్మికుల గురించి శాసనసభలో ఎవరు ఏం మాట్లాడారన్నది నా విషయం. ఆమె ఏం ఎంచుకుందో తెలిసిన రోజు నాకు అన్నం పోలేదు. బీడీ కార్మికుల కనీస వేతనాలు, గెజెట్ ఉత్తర్వులు. జన్మలో ఒక్క బీడీ చుట్టని మనిషి!

"నీకు బీడీల సంగతేం తెలుసు?" అన్నాను.

"నాకేం తెల్వదక్కా. అందుకే గెజెట్ పట్టుకున్న. నీకైతే అన్నీ తెలుసు, నీకెందుకు కాయితాలు?" అని నవ్వింది.

నా పేపరుకు ప్రాణం ఒక్క మాట. కొన్నేళ్ల కింద, బీడీలు చుట్టుకుంటూ టీవీలో శాసనసభ చూస్తున్నాం. ఒక సభ్యుడు లేచి మా చేతుల గురించి మాట్లాడాడు. చివర ఒక మంత్రిని గట్టిగా అన్నాడు. మా వాడకట్టులో ఆడవాళ్లందరికీ ఆ మాట నోటికి వచ్చు. అదే నా పేపరు మొదటి వాక్యం.

సారు మా ఇద్దరి చిత్తుప్రతులు పక్కపక్కన పెట్టుకుని, ముందు ఆమె పాదసూచికలు చూశారు. పైన రాసిన ప్రతి సంగతీ ఎక్కడి నుంచి వచ్చిందో పుట అడుగున చెప్పే చిన్న అక్షరాలవి. ఉత్తర్వు సంఖ్య, శాఖ పేరు, ఉత్తర్వు తేదీ, గెజెట్‌లో ఏ భాగం, అది మామూలు సంచికా అసాధారణ సంచికా, అచ్చయిన తేదీ, పుట.

"ఉత్తర్వు తేదీ వేరు, గెజెట్ల అచ్చయిన తేదీ వేరు. రెండూ రాసినవు. శబాష్ బిడ్డా" అన్నారు.

ఆ శబాష్ నా చెవిలో ముల్లులా దిగింది. తర్వాత నా కాగితం తీశారు.

"అమ్మా, గీ మాట ఎక్కడిది?"

"శాసనసభల అన్నరు సార్. నా చెవులతోని విన్న."

"నువ్వు విన్నవు, నేను నమ్ముత. కానీ చదివేటోడు నమ్మాలె గద. సభ పేరు, సంపుటి, సంచిక, తేదీ, పుట నువ్వు రాస్తే, ఆయన పోయి ఆ పుట తెరిస్తే గదే మాట కనపడాలె. వచ్చే ఆదివారం వరకు దొరకబట్టు."

మా తోడికోడలు నా వైపు చూసింది. జాలిపడి చూసిందని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం ఆ జాలి కూడా నాకు ఎక్కిరింపులానే తోచింది.

బుధవారం నాకు తోడుగా తనే వచ్చింది, సెంటర్‌లో ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. శాసనసభ చర్చల అధికారిక నివేదికలు తేదీలవారీగా ఉంటాయి. నాకు తేదీ గుర్తు లేదు. బడ్జెట్ సమావేశాలన్నది గుర్తుంది, అంతే. ఆమె ఒక్కో రోజు విషయసూచిక తెరుస్తుంటే నేను కార్మిక శాఖ పద్దు కోసం వెతికాను. దొరికింది. ఆ సభ్యుడి పేరు కూడా నేనే పట్టాను. వేలు పెట్టి వరుస వరుసా చదువుకుంటూ పోయాను. అవే మాటలు, అదే వరస. నా మాట వచ్చే చోటుకు వచ్చేసరికి అక్షరాలు లేవు. వరుసగా చుక్కలున్నాయి. పుట అడుగున, సభాపతి ఆదేశం మేరకు రికార్డు నుంచి తొలగించినట్లు ఒక వాక్యం ఉంది.

"ఇదేం అన్యాలం? మేమందరం విన్నం గద!"

"మంత్రిని అన్నడు గదక్కా, తీసేయించిండ్రు. తీసేసినంక ఆ మాట సభల అన్నట్టే లెక్కకు రాదు. మనం అచ్చేయొద్దు గూడ."

ఆమె పుట అడుగున ఉన్న వాక్యం మళ్లీ చదివి, "అక్కా, మాట తీసిండ్రు గని తీసినట్టు రాసి పెట్టిండ్రు. గీ పుట సంఖ్య ఏసి, ఇక్కడ బీడీ కార్మికుల మీద మాట్లాడిన మాటలు తొలగించిండ్రని రాయి. అది ఎవ్వరన్న తెరిచి చూసుకోవచ్చు" అంది.

"నాకు తెల్సులే" అన్నాను. నాకు తెలియదు. నా మాట పోయింది. దానికి మార్గం చూపింది కూడా ఆమే. ఏది ఎక్కువ మండిందో చెప్పలేను. ఆ మాటను ఇక్కడ కూడా రాయను.

ఇంటికి రాగానే అత్త, "మీ చదువులేమో గని, పొయ్యి ముట్టియ్యనీకె మనిషి లేదు" అని, మళ్లీ తనే, "చిన్నది తెలివిగల్లది, అది గెలుస్తది తీ" అంది. నేను పోయి పొయ్యి ముట్టించాను.

మర్నాడు ఒక్కదాన్నే సెంటర్‌కు పోయాను. నా బ్యాగులో మా తోడికోడలి పేపరు నకలు ఉంది. నన్ను చూడమని తనే ఇచ్చింది. ఆమె పాదసూచికలు ఒక్కొక్కటి తీసి గెజెట్‌తో పోల్చాను. ఒక్క తప్పు దొరకాలని దేవుడికి కూడా మొక్కాను. వేతనాలు పెంచే ముందు సర్కారు ప్రతిపాదనను గెజెట్‌లో వేసి అభ్యంతరాలు అడుగుతుంది. అవి విన్నాకే తుది ఉత్తర్వు వేస్తుంది. ఈ రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి. ప్రతిపాదనలో ఉన్న వేతనాన్నే చట్టమని రాసి ఉంటుందని ఆశపడ్డాను. ప్రతిపాదన అని ఒకటి, తుది ఉత్తర్వు అని ఒకటి, విడివిడిగా రాసింది. పుటలు సరిగ్గానే ఉన్నాయి. తేదీలు కూడా. సాయంత్రానికి తప్పు దొరకలేదు గానీ, గెజెట్ చదవడం మాత్రం వచ్చింది.

తర్వాతి రెండు రోజులు నా పేపరు తిరిగి రాశాను. మొదటి వాక్యం కొట్టేసి, చుక్కల పుటతో మొదలుపెట్టాను. సభ, సంపుటి, సంచిక, తేదీ, పుట అన్నీ నా చేత్తోనే రాశాను.

ఆదివారం సారు రెండూ చదివి నన్నే ముందు పిలిచారు. "తొలగించిన మాటను ఇట్ల చూపిన పేపరు నేను చూడలే. మంచిగున్నదమ్మా" అన్నారు. నాదే పోతుందనుకున్నాను. "కానీ అదొక్కటే పుట. తక్కిన చర్చలకు నువ్వు న్యూస్‌పేపర్ల వార్తలు పెట్టినవు, అసలు నివేదికలు చూడలే. ఈసారి చిన్నామెదే పంపుదాం."

ఆటోలో మా తోడికోడలు సంతోషం దాచుకోవడానికి ఎంతో తిప్పలు పడింది. దాచుకుంటుందని కూడా నాకు కోపమే వచ్చింది.

"అక్కా, సెమినార్‌కు నువ్వు గూడ రా. ఎవలన్న బీడీల గురించి అడిగితే నాకేం చెప్పొస్తది?"

"గెజెట్ల చూసి చెప్పు" అన్నాను.

తెల్లారి అందరికంటే ముందు లేచి చాయ్ పెట్టుకున్నాను. బ్యాగులో ఆమె పేపరు నకలు ఇంకా ఉంది. తీసి అరుగు మీద కూర్చున్నాను. నేను అప్పటిదాకా చదివింది పుటల అడుగున ఉన్న చిన్న అక్షరాలే. పైన ఏం రాసిందో ఒక్క వరుసా చూడలేదు. మొదటి వరుస నుంచి వేలు పెట్టుకుని చదివాను. రెండో పేరాలో ఆకు నానబెట్టడం గురించి రాసింది. ముందు రోజు రాత్రే నానబెట్టాలన్న సంగతి లేదు; లేకుంటే చుట్టేటప్పుడు ఆకు చిట్లుతుంది. ఆ ఒక్క మాట కలుపుకొమ్మని చెప్పడానికి లోపలికి పోయి ఆమెను నిద్ర లేపాను.