బొమ్మ కింద రాసిన మూడు వాక్యాలు

మా ఆఫీసు గుంటూరులో. సాగునీటి గురించి రైతులకు చెప్పే చిన్న సంస్థ. వెబ్‌సైటు పని నాది. వానలు సరిగా పడని ఒక ఏడు, డిసెంబరు మధ్యాహ్నం ప్రకాశం జిల్లా పడమటి పల్లె నుంచి ఒకాయన ఫోన్ చేశారు. హైస్కూల్లో సోషల్ మాస్టారు, పుట్టుగుడ్డి.

"మేడమ్, మీ పేజీలో బోర్ల గురించి ఏదో బొమ్మ పెట్టారట. నా ఫోను 'ఇమేజ్, ఫైనల్ త్రీ' అని చదివి ఊరుకుంటోంది. అందులో ఏముందండి?"

తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు బొమ్మ కనబడదు. దాని వెనక మనం రాసిపెట్టిన మాటలుంటే చదువుతుంది, లేకపోతే ఫైలు పేరు చదువుతుంది. మేము ఏమీ రాయలేదు.

ఆయనకు ఆ బొమ్మతో ఎందుకంత అవసరమో అడిగాను. ఆయన అన్నగారు మిరప వేస్తారు. ఉన్న రెండు బోర్లూ ఎండిపోతే మూడోది ఇంకా లోతుకు వేయిస్తానంటున్నారు. రైతుల మీటింగులో మేము ఇచ్చిన పోస్టరు, అదే బొమ్మ, ఇంటికి తెచ్చి, "చూడు, అంతా పచ్చగానే ఉంది" అన్నారట. మాస్టారికి నమ్మకం కుదరలేదు.

నేను ఫైలు తెరిచాను. ఎడమవైపు గీతలు, కుడివైపు రంగురంగుల మ్యాపు, మధ్యలో బోరుబావి, మూలల్లో అంకెలు, చుట్టూ అంచు మీద పచ్చని మిరప తోట. ఆ పచ్చదనం ఒట్టి అలంకారం. అన్నగారు చూసింది దాన్నే.

ఉన్నవన్నీ వరసగా రాసి పంపాను: ఎడమవైపు నీలి గీత, దాని పక్కన ఎర్ర గీత, కుడివైపు ఫలానా రంగులో ఫలానా మండలం. మాస్టారు విని మళ్లీ ఫోన్ చేశారు. ఫోను ఆగకుండా చదువుకుపోతోందనీ, మధ్యలో ఒక అంకె దాటిపోతే వెనక్కి వెళ్లడం కష్టమవుతోందనీ చెప్పారు. ఆ తర్వాత మెల్లగా అడిగారు.

"ఏ గీత ఏ రంగో తెలిసిందండి. ఇంతకీ నీళ్లున్నాయా, లేవా?"

బొమ్మకు అంకెలు సమకూర్చిన సహోద్యోగి పక్క గదిలో ఉంటుంది, భూగర్భజలాలు చదివిన మనిషి. ఒక్క మాటలో ఏం చెబుతుందీ బొమ్మ అని ఆవిడను అడిగాను. కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే చెప్పింది: సాగు పెరిగింది, బోర్లు పెరిగాయి, నీళ్లు దిగిపోయాయి. ఇంకా లోతుకు పోయినా దక్కేది తక్కువ.

బొమ్మ కింద అదే రాశాను. "ఏటేటా మిరప సాగూ బోర్లూ పెరిగిన కొద్దీ భూగర్భ నీటిమట్టం పడిపోతూ వచ్చింది. పడమటి మండలాల్లో ఇంకా లోతుకు బోరు వేసినా నీళ్లు పడే అవకాశం తక్కువ. మండలాలవారీ వివరాలు కింది పట్టికలో ఉన్నాయి." మ్యాపులో రంగులతో చెప్పినదంతా బొమ్మ కింద పట్టికగా పెట్టాను, మండలం పేరు వెతుక్కుని ఆ వరస ఒక్కటే వినేలాగ.

మా ఇన్‌ఛార్జి చదివి ముఖం చిట్లించారు. ఇంత పచ్చిగా రాస్తే రైతులు బెదిరిపోతారన్నారు. బొమ్మలో ఉన్నది కూడా ఇదే కదండీ అన్నాను. ఆయన కాసేపు బొమ్మ వంక చూశారు. నెలల క్రితం దాన్ని ఆమోదించింది ఆయనే. "సరే, ఉండనివ్వండి" అని లేచి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మాస్టారు ఫోను స్పీకరులో పెట్టి అన్నగారికి వినిపించారట. పట్టికలో తమ మండలం వరస రెండుసార్లు వినిపించారట. అన్నగారు కండువా భుజాన వేసుకుని బయటికి నడిచారట. బోరు ఆపగలిగామేమో అనుకున్నాం, మాస్టారూ నేనూ.

వారం తిరక్కుండానే బోరు వేసే రిగ్గు లారీ ఆ చేలోకి దిగింది. మాస్టారు గట్టు మీద నిలబడి విన్నారు. రాయి తగిలినప్పుడు మోత మారుతుందట, తడి తగిలితే ఇంకోలా మారుతుందట. ఆ రెండో మోత కోసం పొద్దుగూకేదాకా చెవులు రిక్కించుకుని ఉన్నారు. అది రాలేదు. ముఖం మీద పొడి దుమ్ము పడుతూనే ఉంది.

నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పారు. ఇంకా ముందే రాసి ఉంటే బాగుండేదేమో అన్నాను.

"లేదండి. మా అన్నకు అర్థమైంది. అర్థమయ్యే వేయించాడు. చేలో మొక్క కళ్లెదుట వాడిపోతుంటే చూస్తూ కూర్చోలేనన్నాడు. నాకైతే కనబడదు కదా, అందుకే ఆగమనగలిగానేమో."

ఫోనులో ఆయన వెనక ఎవరో బిందెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. తాగునీటి ట్యాంకరు వచ్చిందని ఫోన్ పెట్టేశారు.

ఆ ఏడు వాళ్ల మిరప కోతకు రాలేదు.