రెండు లెక్కపెట్టేలోగా

పశువుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ సెకన్లక్క అంటారు. ఏ ప్రాణి బల్ల మీదికి వచ్చినా పెదవి ఎత్తడం, చిగుళ్లను వేలితో ఒత్తి వదలడం, లోలోపల లెక్కపెట్టుకోవడం ఆవిడ అలవాటు. ఒత్తినచోట తెల్లబడ్డ చర్మం రెండు లెక్కపెట్టేలోగా గులాబీరంగుకు రావాలి, లేదంటే ఒంట్లో రక్తం సరిగ్గా తిరగట్లేదన్నమాట. ఇంట్లో మనవరాలి గోళ్లకు కూడా ఈ పరీక్ష తప్పదని కోడలు ఎగతాళి చేస్తుంటుంది.

ఆ మధ్యాహ్నం ఒక మేస్త్రీ, చెవి చినిగి నెత్తురోడుతున్న పెద్ద కుక్కను లాక్కొచ్చాడు. అది అరిచిన అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయి.

“ముందు మాది చూడండక్కా! నేలంతా నెత్తురు, కనపడట్లేదా?”

బెంచీ చివర ఒక ముసలి దర్జీ కూర్చున్నాడు. ఒడిలో చిన్న కుక్క కదలకుండా పడుకుని ఉంది.

“పొద్దున స్కూటర్ తగిలిందమ్మా. లేచి నడిచింది కూడా. ఆయన్నే ముందు పోనివ్వండి, నాకేం తొందర లేదు.”

నిండుకుండ తొణకదని పెద్దల మాట. నిజమే కాని, కారిపోయిన కుండ కూడా తొణకదు. ఈ రెండో మాట ఆవిడకు ఆసుపత్రి నేర్పింది.

పెద్ద కుక్క చిగుళ్లు గులాబీరంగులో ఉన్నాయి, ఒత్తి వదలగానే రంగు వచ్చింది, నాడి బలంగా కొట్టుకుంటోంది. మేస్త్రీ చేతికి మందపాటి గుడ్డ ఇచ్చి, “చెవిని గట్టిగా అదిమి పట్టుకోండి, వదలొద్దు” అంది.

చిన్నదాని పెదవి ఎత్తగానే ఆవిడ చెయ్యి ఆగింది. చిగుళ్లు పుట్టుకతోనే నల్లనివి. ఒకప్పుడు ఇలాంటి నలుపునే చూసి, బాగానే ఉందనుకుని ఒక కుక్కను వరుసలో కూర్చోబెట్టింది. వంతు వచ్చేసరికి అది ప్రాణంతో లేదు. ఆనాటినుంచి నల్ల చిగుళ్లను ఆవిడ రంగు అడగలేదు. కింది కనురెప్ప దించి చూస్తే లోపల సుద్దముక్కలా పాలిపోయి ఉంది. పెదవి లోపల చిక్కుడుగింజంత గులాబీమచ్చ దొరికింది. ఒత్తి వదిలింది. ఒకటి, రెండు, మూడు... నాలుగుకు గాని రంగు రాలేదు. తొడ లోపలి నాడి వేలికింద దారప్పోగులా సన్నగా, తెగ వేగంగా పరుగెడుతోంది. పాదాలు చల్లబడ్డాయి.

“డాక్టరుగారూ, ఇది షాక్! కడుపులో రక్తం పోతున్నట్టుంది.”

“వరుసా గిరుసా లేదా? ఇదేం న్యాయం!” అన్నాడు మేస్త్రీ.

“మీవాడికి అరిచే ఓపికుందన్నా. మీకూ ఉంది.”

లోపల ప్రాణవాయువు పెట్టారు, ముంగాలి నరానికి సెలైన్ ఎక్కించారు. కడుపులో సూది పెట్టి లాగితే రక్తమే వచ్చింది. కాస్త నిలదొక్కుకున్నాక డాక్టరు కడుపు కోసి, చిట్లి రక్తం కారుతున్న ప్లీహాన్ని తీసేశాడు. అంతసేపూ దర్జీ మెడలో టేపుతో తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“మిషను తొక్కేటప్పుడు నా ఎడమపాదం మీద పడుకుంటుందమ్మా. లేచిపోయిందంటే కుట్టు వంకరపోతుంది.”

సాయంత్రం సెకన్లక్క అతణ్ణి లోపలికి పిలిచి ఆ గులాబీమచ్చ చూపింది. “మీరే ఒత్తి, లెక్కపెట్టండి బాబాయ్.”

సూదిపోట్ల బొటనవేలు మెల్లగా ఆని, లేచింది.

“ఒకటి...” అన్నాడు దర్జీ.

రెండు అనవలసిన పని లేకపోయింది.