సోమవారం వచ్చే అప్‌డేట్

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఇతిహాసం. ఇందులో సముద్రానికి అవతల ఒక ఆడపిల్ల ఉంది. మూడు ఊళ్ల గుండా ప్రయాణాలున్నాయి. దాటకూడని గడువుంది. ద్రోహముంది. ఇలా మొదలుపెట్టి ఇట్లాగే సాగదీయాలని నాకూ ఆశే. కానీ ఇది ఒక ఫోనుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఆలస్యంగా వచ్చిన సంగతి, అంతే. ద్రోహం మాత్రం నిజమే. దాన్ని నేనే చేశాను, ఏసీ కింద కుర్చీలో కూచుని.

మాది పెనుకొండ. పని హిందూపురంలో, ఒక ఫోన్ల షాపులో. ముందర అమ్మకాల కౌంటరు, అందులో నేను. వెనక అద్దాల తలుపు దాటితే సర్వీసు గది, అందులో ఒక ఇంజినీరక్క. నాకూ ఆమెకూ మధ్య పదడుగులు. ఎవరినైనా లోపలికి పంపాలంటే ఒక చీటీ రాయాలి: పేరు, ఫోను వెనకాల నంబరు, సమస్య. మూడు గీతలు. ఆ మూడు గీతలు రాయడానికి నాకు ఎంత బద్ధకమో మీకు ముందు ముందు తెలుస్తుంది.

మా కౌంటరులో ఒక ఆచారం ఉండేది. కొత్త వెర్షన్ విడుదలైన రోజుల్లో మనుషులొచ్చి "మాకెప్పుడొస్తాది?" అని అడుగుతారు. మాకు తెలీదు. తెలీదంటే కౌంటరు పరువు పోతుంది. అందుకని అందరికీ ఒకటే జవాబు: "సోమవారం వస్తాది." సగం మందికి ఎట్లాగూ నాలుగు రోజుల్లో వచ్చేది. మిగతావాళ్లు మర్చిపోయేవాళ్లు. ఈ పద్ధతిని నేను కనిపెట్టలేదు. నాకంటే ముందు పనిచేసినాయన నేర్పించి పోయాడు. నేను దానికి కాస్త హాస్యం కలిపాను, అంతే.

ఒక మంగళవారం ధర్మవరం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మరమగ్గాల షెడ్డులో ముప్పై ఏండ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. రెండు చెవుల్లోనూ కొత్త మిషన్లు, చిక్కుడుగింజంతవి. ఫోను తీసి కౌంటరు మీద పెట్టాడు. ఎదురింటాయన ఫోను కూడా ఇదేనంట, ఈ షాపులోనే కొన్నాడంట, ఆయనకు కొత్త వెర్షన్ వచ్చి పది రోజులైందంట.

"అదే మోడలు, అదే రంగు. వాళ్లకొచ్చింది, నాకు రాలేదు. ఎందుకబ్బా?"

"మీకంత తొందరేమి పెద్దాయనా?" అన్నాను.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. కూతురు గల్ఫ్‌లో నర్సు. ఈ ఫోనూ, చెవి మిషన్లూ ఆ పిల్లే పంపింది. ఫోను చెవికి ఆనిస్తే మిషను కుయ్యిమంటుంది, మాట తెలీదు. కొత్త వెర్షన్ వస్తే ఈ మోడలు ఫోన్లు ఈ మిషన్లతో నేరుగా కలుస్తాయి, మాట తిన్నగా చెవిలోకే వస్తుంది. కూతురు చదివి చెప్పింది. అప్పటిదాకా శుక్రవారం శుక్రవారం కూతురు కాల్ చేస్తే ఫోను పెళ్లాం చేతిలోనే.

"ఆ పిల్ల ఐదు మాటలు మాట్లాడితే మా ఇంటామె నాకు ఒకటిన్నర చెప్తాది. నేను చెప్పింది ఆడికి ఎంత పోతాందో దేవుడికే ఎరుక."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఈ నెలాఖరుకు ఆ పిల్ల ఇంకో రెండేండ్ల ఉద్యోగానికి సంతకం పెట్టాలా వద్దా తేల్చుకోవాలంట. ఆడ ఆ పిల్లకు ఒంట్లో బాగుండటం లేదని ఆయన అనుమానం. "వద్దు, వచ్చేయ్ అని నా నోటితో చెప్పల్ల. ఏమంటాదో నా చెవితో వినల్ల. అంతేప్పా."

ఇంత విన్నాక మనిషి జన్మెత్తినవాడు చీటీ రాస్తాడు. నేను జోకు వేశాను.

"మీ అప్‌డేట్ ప్యాసింజరు రైల్లో వస్తాంది పెద్దాయనా. పెనుకొండలో టీ తాగడానికి దిగినట్టుంది. సోమవారానికి ధర్మవరం చేరుతాది."

షాపంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. వినపడని మనుషులు ఎదుటివాళ్ల మొహాలు చూసి నవ్వుతారని నాకు అప్పటికి తెలీదు. ఆయనకు వినపడింది చివరి ముక్క ఒకటే అనుకుంటా. "సోమవారమా?" అన్నాడు. "సోమవారమే" అన్నాను. దండం పెట్టి పోయాడు. ఆ దండం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆలోచించి ఏం చేశానంటే, ఏమీ చేయలేదు.

మరుసటి మంగళవారం మళ్లీ వచ్చాడు. సోమవారం రోజంతా ఫోను ముందర పెట్టుకుని కూచున్నాడంట. "ఇంకా తొమ్మిది రోజులుండాది" అన్నాడు. నెలాఖరుకు.

నేను సెట్టింగుల్లోకి పోయి 'అప్‌డేట్ వెతుకు' అన్నచోట నొక్కాను. 'మీ సాఫ్ట్‌వేర్ తాజాగా ఉంది' అని వచ్చింది. ఆ మాటకు ఒక్క అంగుళం కింద ఇంకో గీత ఉంటుంది. నొక్కితే ఫోను పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్తుంది. నేను నొక్కలేదు. "ఈ సోమవారం కచ్చితంగా" అన్నాను. 'కచ్చితంగా' అన్నది నా సొంత కవిత్వం.

మూడోసారి ఆయన్ని నేను రైల్లోనే చూశాను. పెనుకొండలో ఎక్కి లోపలికి నడుస్తుంటే కిటికీ పక్కన కూచుని ఉన్నాడు, ఒళ్లో ఫోను, చేతిలో వేయించిన చెనక్కాయల పొట్లం. నేను వెనక్కి తిరిగి తలుపు దగ్గర నిలబడ్డాను, ఒక లావుపాటాయన వీపు చాటున. నేను సన్నగా ఉంటాను, ఆ విషయంలో దేవుడు సహకరించాడు. అయినా లాభం లేకపోయింది.

"ఏమబ్బా! ఈడ సీటు ఉండాది, రా!"

చెవులు వినపడకపోతే కండ్లు అంత బాగా పనిచేస్తాయి కాబోలు. పోయి కూచున్నాను. దోసెడు చెనక్కాయలు పెట్టాడు. హిందూపురం దాకా నేను వాటిని ఒలుస్తూనే ఉన్నాను. ఒలవడం అయిపోతే మాట్లాడాల్సి వస్తుంది కదా. స్టేషన్ వచ్చేముందు ఆయనే అన్నాడు, కిటికీలోంచి చూస్తూ:

"మొన్న గురువారం సంతకం పెట్టేసిందంట."

"మరి ఇంక..." అన్నాను. మరి ఇంక ఎందుకొస్తున్నారు అని నా ఉద్దేశం.

"ఇంకేముంది. గొంతు వినల్ల కదప్పా."

ఆ రోజు చీటీ రాశాను. మూడు గీతలు. నిమిషం కూడా పట్టలేదు.

ఇంజినీరక్క ఎదురింటి ఫోను సంగతి, చెవి మిషన్ల సంగతి పెద్దాయన చెప్తే వింది, ఫోను తీసుకుంది, నేను నొక్కని గీత నొక్కింది, చిన్న అక్షరాలు చదివింది, నావైపు చూసింది. "ఇది ఈడ అమ్మిన ఫోను కాదు కదా. గల్ఫ్ దేశంలో నెట్‌వర్క్ కంపెనీ అమ్మిన ఫోను."

"సిమ్ము మనదే కదక్కా?"

"సిమ్ము ఏదైతే ఏం. ఈ ఫోనుకు అప్‌డేట్ లోపలున్న కోడును బట్టి వస్తాది, సిమ్మును బట్టి కాదు."

పెద్దాయన ఎదురుగా జరిగి, మొహం కనపడేటట్టు, ఒక్కొక్క ముక్కే నిదానంగా చెప్పింది. కొత్త సిస్టమ్ తయారు చేసేవాడు చేసి ఇస్తాడు. దాన్ని లోపలి చిప్పుకు సరిపడేటట్టు చిప్పులవాళ్లు సర్దుతారు. తర్వాత ఫోన్ల కంపెనీ తన హంగులన్నీ కలిపి, ఒక్కో మోడలుకు విడివిడిగా పరీక్ష చేస్తుంది. ఎన్ని మోడళ్లుంటే, ఎన్ని హంగులుంటే, అంత ఆలస్యం. ఎదురింటాయన లాగా బయట మార్కెట్లో కొన్నవాళ్లకు అక్కడితో అయిపోతుంది, విడతలు విడతలుగా పంపేస్తారు. నెట్‌వర్క్ కంపెనీ అమ్మిన ఫోనైతే ఇంకో మెట్టుంది. వాళ్ల టవర్లతో కాల్స్ సరిగ్గా పోతున్నాయా అని వాళ్లు మళ్లీ చూసుకుంటారు. ఏదైనా తేడా కనపడితే వెనక్కి పంపుతారు. సరిచేసి మళ్లీ ఇస్తే మళ్లీ మొదటి నుంచి చూస్తారు. వాళ్లు సరే అనేదాకా ఫోన్ల కంపెనీ ఈ ఫోనుకు వదలదు.

"మన దేశం సాఫ్ట్‌వేర్ బలవంతంగా ఎక్కిస్తే?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఫోనులో ఉండేవన్నీ పోతాయి. మధ్యలో తేడా వస్తే ఫోనే పోతాది. నువ్వు ఊరుకో."

పెద్దాయన అంతా విని అడిగాడు, "అయితే సోమవారం రాదా తల్లీ?"

"సోమవారమని ఎవరు చెప్పినారు పెద్దాయనా?"

ఆయన నన్ను చూపించలేదు. "ఎవరో అన్నార్లే" అన్నాడు. చూపించి ఉంటే బాగుండేది. తిట్లు తిని ఆ పొద్దుకు మర్చిపోయి ఉండేవాణ్ని.

అప్పుడు ఇంజినీరక్క, చీటీ మీద ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే అంది: "ఎదురింట్లో అదే మోడలుకు కొత్త వెర్షన్ వచ్చిందంటాండారు కదా. ఈ మిషన్లు ఆ ఫోనుకు కలుపుకుని మాట్లాడండి. ఐదు నిమిషాల పని."

ఐదు నిమిషాలు. ఎదురిల్లు. మొదటి మంగళవారం ఆయన నోరు తెరిచి చెప్పిన మొదటి మాటే ఎదురింటి ఫోను గురించి. అప్పటికి గడువు రెండు వారాల పైన ఉంది.

ఆ శుక్రవారం సెలవు పెట్టి ధర్మవరం పోయాను. పరిహారం అనుకోకండి, అంత గొప్పవాణ్ని కాదు. రాత్రుళ్లు నిద్రపట్టక పోయాను. ఎదురింటాయన వద్దనకుండా ఫోనిచ్చాడు. మిషన్లు రెండో ప్రయత్నానికి కలిశాయి. పెద్దాయన భార్య గడప దగ్గర నిలబడి కొంగు తిప్పుతూ చూస్తోంది. కూతురు నంబరు కొట్టి ఫోను ఆయన చేతిలో పెట్టాను. ఆ పిల్ల మాట ఆయనకు ఒక్కడికే వినపడుతుంది. ఆయన మొహం చూస్తే మాకు తెలిసిపోయింది.

"వినపడతాంది" అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. తర్వాత, "నేనా? నేనట్ల అనలేదే. రమ్మన్నాను కదా" అని భార్య వైపు చూశాడు. ఆమె లోపలికి పోయింది.

తర్వాత నాతో, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు: "మా ఇంటామె 'మీ నాయన నీ ఇష్టం అన్నాడు' అని చెప్పిందంట. నేను వద్దన్నింటే సంతకం పెట్టేదాన్ని కాదంటాంది ఆ పిల్ల. జీతం బాగుండాది కదా, ఈమె భయం ఈమెది. పోనీలే."

పోనీలే అన్నది ఎవరినో నాకు అర్థం కాలేదు. నన్ను కూడా కలిపి అన్నాడేమోనని ఆశపడ్డాను. వెంటనే ఆ ఆశకు కూడా సిగ్గేసింది. టీ ఇచ్చారు. తాగాను. చక్కెర ఎక్కువ.

ఇప్పుడు మా కౌంటరులో ఎవరైనా అడిగితే "తెలీదు" అంటాను. కౌంటరు పరువు పోలేదు, అదసలు ఉంటే కదా. చీటీలు మాత్రం చానా రాస్తున్నాను.

ఇంకో మూడు వారాలకు పెద్దాయన ఫోను నుంచి కాల్ వచ్చింది. మాట్లాడింది ఆయన భార్య. కొత్త వెర్షన్ వచ్చిందంట, నొక్కితే మాత్రం ఎక్కడం లేదంట, మళ్లీ ఆ దేశంవాళ్లు ఏమన్నా ఆపినారేమో అడగమంటున్నాడంట. ఆమె ఈసారి ఆయన మాటలన్నీ పూర్తిగా చెప్పింది, ఒక్కటి కూడా వదలకుండా.

"ఛార్జింగు ఎంతుంది అవ్వా?" అన్నాను.

"పన్నెండు."

ఆ ఫోనుకు ముప్పై దాటితే గాని ఇన్‌స్టాల్ మొదలుకాదు.