వాలుతలం దగ్గర వెనక్కి తిప్పినవాళ్లు

"మేడం, మీ పాఠం సగం మంది టూ ఎక్స్‌ల పెట్టుకొని చూస్తున్నరు. గంత మెల్లగ చెప్తే ఎవరు కూసుంటరు?"

పది మంది ముందు అన్నాడు ఆ మాట, మా కంటెంట్ హెడ్. నా కన్నా పాతికేళ్లు చిన్నవాడు. నేను ఏ కుర్చీలో కూర్చున్నానో కూడా ఇవాళ్టికీ చెప్పగలను.

ఫిల్మ్ నగర్‌లో ఒకప్పటి డబ్బింగ్ థియేటర్‌ను అద్దెకు తీసుకుని ఆ సంస్థ ఇంటర్ పాఠాలు రికార్డు చేసేది. ఇరవై రెండేళ్ల కాలేజీ ఉద్యోగం మానేసి నేను అక్కడ ఫిజిక్సు చెప్పడానికి చేరాను. నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించకపోతే యాభై నాలుగేళ్ల మనిషిని మళ్లీ ఏ కాలేజీ పిలుస్తుంది? మధురానగర్ నుంచి ఆటోలో వస్తుంటే ప్రతి ఉదయం అదే ప్రశ్న వేసుకునేదాన్ని.

సగం మంది వేగం రెండింతలు చేశారంటే సగం స్క్రిప్టు దండగ అన్నది అతని లెక్క. ఇరవై ఎనిమిది నిమిషాల వాలుతలం పాఠాన్ని పద్నాలుగుకి దించమన్నాడు. మాటలు సగం కొట్టేయించాడు. ఎడిటరు చేత నా మాటల మధ్య ఖాళీలన్నీ తీయించాడు. వారం పాటు ఒక బ్యాచికి పాతదీ, ఇంకో బ్యాచికి కొత్తదీ పెట్టారు. ఏది గెలుస్తుందో దాన్ని బట్టి నా కాంట్రాక్టు.

కుదించొద్దని వాదించాను, మెయిల్ పెట్టాను, జవాబు రాకపోతే మళ్లీ పెట్టాను. మూడోసారి "ఓకే" అని ఒక్క మాట వచ్చింది, మారిందేమీ లేదు.

ఫలితం చూపించే రోజు ఎడిటింగ్ గదిలో హెడ్, ఎడిటరు, నేను, ముగ్గురమే. ఎడిటరు పాతికేళ్లు సినిమాల్లో చేసిన మనిషి, యూసుఫ్‌గూడలో ఉంటాడు. తెర మీద గీత గీసి ఉంది. చూసినవాళ్లు వెనక్కి తిప్పి మళ్లీ చూసిన చోటల్లా అది పైకి లేస్తుంది, వేగం పెంచిన చోట కిందికి దిగుతుంది.

కుదించిన పాఠంలో గీత అడుగడుగునా లేచింది. వేగంగా మొదలుపెట్టిన పిల్లలే ఆపి, వెనక్కి తిప్పి, మామూలు వేగానికి దిగారు. చివరికి పట్టిన సమయం పెద్దగా తగ్గలేదు. నాకు ఊపిరాడింది. కానీ పాత పాఠంలోనూ ఒకచోట శిఖరం ఉంది, పదకొండో నిమిషం దగ్గర.

"గాడ బోర్ కొట్టింది," అన్నాడు హెడ్.

"బోరు కొడితే ముందుకు తోస్తారండీ, వెనక్కి తిప్పరు. అక్కడ నేను బాగా చెప్పాను, అందుకే మళ్లీ చూశారు," అన్నాను.

ఎడిటరు ఆ చోటు వేశాడు. తెర మీద నేను. వాలు మీద పెట్టె, కిందికి బరువు గీత, వాలుకు లంబంగా ఇంకో గీత. "ఈ రెండింటి మధ్య కోణం కూడా వాలు కోణం థీటానే" అని బొమ్మ చెరిపేశాను. ఎందుకో చెప్పలేదు.

"ఎట్లయింది మేడం? నేను గూడ నాలుగుసార్లు తిప్పి చూసిన. ఏం సమజ్ కాలే," అన్నాడు ఎడిటరు మెల్లగా.

తరగతిలో ఆ చోట పిల్లల మొహాలు ముడుచుకునేవి. చూసి వెనక్కి వెళ్లి చెప్పేదాన్ని. కెమెరాకి మొహం లేదు. ఇరవై రెండేళ్లు పిల్లలు గుర్తు చేస్తే తప్ప నాకు గుర్తు రాని మాట అది. నేను వదిలేసినదాన్ని వాళ్లు వెతుక్కుంటుంటే పొగడ్త అనుకున్నాను.

"టూ ఎక్స్ వాళ్లు మరి?" అన్నాడు హెడ్.

మొదటి ఐదు నిమిషాల గీత చూపించాను. గత పాఠంలో ఏం చెప్పుకున్నామో, ఇవాళ ఏం చెప్పుకోబోతున్నామో నేను చెప్పిన చోటు. అక్కడే అందరూ పరిగెత్తారు. తెలిసినదానికి పరిగెత్తారు, తెలియనిదానికి ఆగారు. కొట్టేయాల్సింది మొదటిది; పెంచాల్సింది రెండోది. మాటల మధ్య ఖాళీలు కూడా కావాలి: నాలుగు సెకన్లు నిలిచిన బొమ్మ రెండింతల వేగంలో రెండు సెకన్లే కనిపిస్తుంది.

మర్నాడు మళ్లీ రికార్డు చేశాం. ఉపోద్ఘాతం ఒక్క వాక్యం. బల్లని ఎంత వంచితే దాని మీద నిలబెట్టిన పెన్ను అంతే వంగుతుందని చూపించాను, మూడుసార్లు, నెమ్మదిగా. పాఠం ఇరవై ఆరు నిమిషాలు వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ ఇంకేం వదిలేస్తున్నానో అనే భయమే.

నెలాఖరున హెడ్ పిలిచాడు. పై వాళ్లకి పంపిన నివేదికలో నేను చెప్పినదంతా "మా పరిశీలన" అని రాసి కింద తన పేరు వేసుకున్నాడు. అది మరిచిపోలేదు, మరిచిపోను.

"ఇంకొక్క చాప్టర్ ఇస్తున్నం మేడం. గీత చూసి తర్వాత మాట్లాడుదం."

సంతకం పెట్టాను. ఆ చాప్టరు స్క్రిప్టు తొమ్మిదిసార్లు తిరగరాశాను, ప్రతి పేరా చివరా "ఎందుకు?" అని రాసుకుని. వీడియో పెట్టిన మొదటి వారం, హెడ్ చూపిస్తే తప్ప నాకు కనిపించని ఆ గీత ఎక్కడ లేచిందో తెలియక, ఫోను మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని.